ఏడున్నర రౌండ్లు

స్తుతికి నాలుగేళ్ళప్పుడు తట్టు పోసి చూపు పోయింది. పరుగు మాత్రం పదహారేళ్ళకు వచ్చింది. నేర్పింది అన్న గాబ్రియేలు. పత్తికొండ బడిలో చదివేటప్పుడు అతను జిల్లాలో మంచి రన్నరు. తర్వాత చదువు మానేసి కల్లూరులో పలుగురాళ్ళను పిండి చేసే మిల్లులో చేరాడు. ఆ మిల్లుకు దగ్గరలోనే ఒక గది తీసుకుని, చెల్లెలిని కర్నూలులో డిగ్రీలో చేర్పించి తన దగ్గరే ఉంచుకున్నాడు. తల్లి విశ్వాసమ్మ పత్తికొండలో టమోటా తోటల్లో కూలికి పోయేది.

కాలేజీ గ్రౌండులో బసవరాజ్ సార్ ఆమె పరుగు చూశాడు. ఆదోని వైపు మనిషి. పూర్వం రైల్వే తరఫున పరిగెత్తి, మోకాలు చెడిపోయాక కోచింగులోకి వచ్చాడు. చూపు లేని అమ్మాయిల పదిహేను వందల మీటర్ల పోటీకి ఆమెను తయారు చేస్తానన్నాడు. అలాంటి పోటీలో పక్కన తోడుగా ఒకరు పరిగెత్తాలి. ఇద్దరి చేతులనూ కలుపుతూ జానెడు తాడు ఉంటుంది. తోడు మనిషి లాగకూడదు, నెట్టకూడదు, చివరి గీతను ఆమె కంటే ముందు దాటకూడదు. మలుపు వస్తే చెప్పాలి, అడుగులో అడుగు కలపాలి, అంతే.

"తోడు ఎవరమ్మా?" అని సార్ అడిగితే స్తుతి ఆలోచించలేదు.

"మా అన్న."

ఆరు వారాలకొకసారి సార్ వాళ్ళకు మూడు కిలోమీటర్ల టైం ట్రయల్ పెట్టేవాడు. ముందు రోజు బరువు పనులు వద్దనేవాడు. తెల్లవారుజామునే, ఎండ రాకముందే, గాలి లేవకముందే, ఎప్పుడూ అదే మట్టి ట్రాకు మీద. పావుగంట మెల్లగా పరిగెత్తి ఒళ్ళు వేడెక్కాక నాలుగు చిన్న దౌడులు తీయించి, ట్రాకుకు అవతలి వైపు నిలబెట్టేవాడు. నాలుగు వందల మీటర్ల ట్రాకు మీద మూడు కిలోమీటర్లంటే ఏడున్నర రౌండ్లు. ఆ సగం రౌండు ముందే అయిపోవాలని అవతలి నుంచి మొదలు.

"ఇది పోటీ కాదమ్మా," అని మొదటిసారే చెప్పాడు. "ఇయ్యాల నీ ఒంట్లో ఎంత ఉండాదో చూసేది. ఆ టైమును బట్టే నేను నీకు స్పీడులు రాసిస్తా. మెల్లగా పోయే దినం ఎంత మెల్లగా పోవల్ల, గట్టిగా పోయే దినం ఎంత గట్టిగా పోవల్ల అని. ఈ పరుగులో అబద్ధం ఉంటే ఆరు వారాల పనంతా అబద్ధమే అవుతాది."

మొదటి ఏడాది టైము ప్రతిసారీ తగ్గుతూ వచ్చింది. పన్నెండు నిమిషాల ముప్పై ఆరు సెకన్లకు చేరినప్పుడు సార్ గుంటూరులో ఎవరితోనో ఫోనులో ఆ సంగతి చెప్పడం స్తుతి విన్నది. ఆ తర్వాతి ట్రయల్లో ఎనిమిది సెకన్లు పెరిగింది. వేసవి వేడి వల్లేమో అన్నాడు సార్. అయితే ఎందుకు పెరిగిందో స్తుతికి తెలుసు.

పరిగెత్తేటప్పుడు ఆమెకు అన్నంటే ముఖం కాదు, ఊపిరి. రెండడుగులకు లోపలికి, రెండడుగులకు బయటికి. మూడేళ్ళుగా ఆ లెక్క చెదరలేదు. ఆ వేసవిలో ఐదో రౌండు దగ్గర అది తెగింది. ఊపిరి సగం లోపలికి పోయి అక్కడే ఆగి, చిన్న ఈలలాంటి చప్పుడుతో వెనక్కి వచ్చింది. తాడు ఒక్కసారి బిగుసుకుంది. అన్న వెనకబడ్డాడని తెలిసి ఆమె అడుగు చిన్నది చేసుకుంది. తాడు మళ్ళీ వదులైంది. ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత అది అలవాటైంది. ముందు ఐదో రౌండులో తగ్గేది, తర్వాత నాలుగో రౌండులోనే తగ్గేది.

వానలు పడ్డాక పెట్టిన ట్రయల్లో టైము పదమూడు నిమిషాలు దాటింది. సార్ గడియారం నొక్కి కాగితం మీద లెక్క వేశాడు.

"రౌండుకు నూటనాలుగు సెకన్లు," అన్నాడు చివరికి. "పోయిన చలికాలం నూటొకటి. ఏమైతాండాది స్తుతీ? అన్నం తింటాండావా? నిద్ర పోతాండావా?"

"పోతాండా సార్."

"మరి? కాళ్ళు నొప్పులా?"

"లేవు సార్."

పక్కన గాబ్రియేలు మోకాళ్ళ మీద చేతులు పెట్టి దగ్గుతున్నాడు. సార్ అది విన్నాడు గానీ ఆ దగ్గును టైముతో కలిపి చూడలేదు. ఇరవై ఆరేళ్ళ మగవాడు, ఒకప్పుడు ఇదే దూరాన్ని పది నిమిషాల లోపు పరిగెత్తినవాడు. అతని గురించి అనుమానం ఎందుకు వస్తుంది?

"ఒళ్ళు అలిసింది నీకు," అని సార్ తేల్చాడు. "స్పీడులు తగ్గిస్తా. ఒక వారం గట్టి పనులు వద్దు."

తగ్గించిన స్పీడుతో ఇరవై నిమిషాలు ఆగకుండా పరిగెత్తే రోజున స్తుతికి చెమట కూడా సరిగా పట్టలేదు. ఆ పని ఎలా ఉండాలో ఆమెకు తెలుసు. ఒకటి రెండు మాటలు మాత్రమే పలికేంత కష్టంగా ఉండాలి. ఆ రోజు ఆమె చర్చిలో ఎప్పుడో నేర్చుకున్న పాట మొత్తం మనసులో కాదు, పెదవుల మీదే పాడుకుంటూ ముగించింది. పక్కన అన్నకు ఒక్క మాట పలకడానికీ ఊపిరి చాలలేదు.

ఆ సాయంత్రం గదిలో ఆమె బియ్యం ఏరుతూ అడిగింది.

"న్నా, నీకు బాగలేదు కదా?"

"దుమ్ము మా. మిల్లులో అందరికీ ఉండేదే."

"ఓబులేసన్నకు కూడా ఇట్లే ఉండె కదా."

ఓబులేసు అదే మిల్లులో సంచులు నింపేవాడు. ఆ ఏడాది మొదట్లో పోయాడు. టీబీ అన్నారు. గాబ్రియేలు చొక్కా విప్పి దండెం మీద వేశాడు. అతని బట్టల నుంచి ఎప్పుడూ ఒకే వాసన వచ్చేది, తడిసిన సున్నంలాంటి వాసన. ఎంత ఉతికినా చొక్కా మడతల్లో ఆమె వేళ్ళకు మెత్తటి పొడి తగిలేది. మొహానికి తువ్వాలు కట్టుకుంటానని అతను చెప్పేవాడు. మైదా కంటే సన్నటి ఆ పొడిని తువ్వాలు ఏం ఆపుతుంది?

"నువ్వు నాకోసం తగ్గిస్తాండావా?" అని అతను ఉన్నట్టుండి అడిగాడు.

"లేదు," అంది స్తుతి.

అతను నమ్మాడో లేదో ఆమెకు తెలియలేదు. కాసేపటికి అతను బయటికి వెళ్ళి గోడ పక్కన నిలబడి దగ్గడం వినిపించింది.

కడపలో రాష్ట్ర ఎంపికలు దగ్గర పడ్డాయి. సార్ ఇద్దరినీ గ్రౌండు గట్టు మీద కూర్చోబెట్టి సూటిగా చెప్పాడు.

"ఈ టైముతో పేరు పంపిస్తే మనకే చిన్నతనం. ఈ ఏడు వద్దు. వచ్చే ఏడు చూస్తాం."

స్తుతి తల వంచుకుంది. ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. గాబ్రియేలు మాత్రం లేచి నిలబడ్డాడు.

"సార్, ఇంకొక్క ట్రయల్ పెట్టండి. శనివారం."

"పదినాళ్ళ కిందనే కదప్పా పెట్టింది? శనివారానికే ఒళ్ళు మారతాదా?"

"పెట్టండి సార్. శ్రావణిని కూడా పక్కన పరిగెత్తమనండి. జోరు అందిస్తాది."

శ్రావణి ఆ గ్రౌండులోనే పరిగెత్తే అమ్మాయి. యూనివర్సిటీ జట్టులో మూడు వేల మీటర్లు, ఐదు వేల మీటర్లు పరిగెత్తేది. వాళ్ళ నాన్నకు కల్లూరులో స్థలాల వ్యాపారం. సొంత స్కూటీ మీద వచ్చి, సొంత నీళ్ళు తాగి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా పోయేది. సార్ అడిగితే సరేనంది.

శనివారం గాలి లేదు. ముగ్గురూ గీత మీద నిలబడ్డారు. లోపలి పక్క స్తుతి, ఆమెకు కుడివైపు గాబ్రియేలు, అతని అవతల శ్రావణి. సార్ ఈల ఊదాడు.

మొదటి రెండు రౌండ్లూ నూటొకటికి దగ్గరగా సాగాయి. సార్ గీత దగ్గర టైము అరిచి చెబుతున్నాడు. మూడో రౌండులో అన్న ఊపిరి తెగింది. స్తుతి ఎప్పటిలాగే అడుగు చిన్నది చేయబోయింది.

"తగ్గొద్దు," అన్నాడు గాబ్రియేలు.

ఆ ఒక్క మాటకు అతనికి నాలుగడుగుల ఊపిరి ఖర్చయింది. స్తుతి తగ్గలేదు. తాడు బిగిసింది. అతను పక్కకు వచ్చాడు, మళ్ళీ బిగిసింది, మళ్ళీ వచ్చాడు. ఆ ఈల చప్పుడు ఇప్పుడు ప్రతి ఊపిరికీ ఉంది. నాలుగో రౌండు మలుపు దాటాక అతను "శ్రావణీ" అన్నాడు. అంతే. స్తుతి చేతిలో తాడు ఒక్క క్షణం గాలిలో తేలింది. మళ్ళీ బరువు వచ్చింది. కానీ ఆ బరువు వేరు. అడుగు వేరు, ఊపిరి వేరు.

"నేను," అంది శ్రావణి. "మలుపు ఇంకా ముప్పై అడుగులు. పో."

స్తుతి వెనక్కి తల తిప్పింది, తిరిగి ఏం చేస్తుందో తనకే తెలియదు. శ్రావణి మళ్ళీ "పో" అంది, ఈసారి గట్టిగా. ఆమె పరిగెత్తింది.

చివరి మూడు రౌండ్లు ఆమె మునుపెన్నడూ పరిగెత్తనంత జోరుగా పరిగెత్తింది. కాళ్ళు మండాయి, గొంతులో ఇనుము రుచి తగిలింది. అయినా ఆ వేసవి తర్వాత మొదటిసారి తన అడుగు తనదే అయింది. ఆ సంతోషం గీత దాటేదాకా ఉంది. దాటగానే చప్పట్లు వస్తాయనుకుంది. రాలేదు. సార్ పరిగెత్తే చప్పుడు వినిపించింది, అవతలి వైపుకు, మోకాలు చెడిన మనిషి కుంటుతూ పరిగెత్తే చప్పుడు.

"యాడున్నాడు మా అన్న?"

"ట్రాకు పక్కన కూర్చున్నాడు," అంది శ్రావణి. ఇంకా ఆ తాడు వదలలేదు. "నిదానంగా రా. నేను తోడుకొనిపోతా."

గాబ్రియేలు మట్టిలో కూర్చుని ఉన్నాడు. సార్ అతని వీపు రాస్తున్నాడు. స్తుతి చేయి చాస్తే అతని రొమ్ము అందింది. పక్కటెముకల మధ్య చర్మం ఊపిరికి ఊపిరికీ లోపలికి పీక్కుపోతోంది. అంత పరిగెత్తినా తన ఊపిరి అప్పుడే నెమ్మదించింది. అతను మాత్రం సగం దూరానికే ఇలా ఉన్నాడు.

బసవరాజ్ సార్ కాసేపు ఇద్దరి ఊపిరులూ విన్నాడు. అతనికి అప్పుడు అర్థమైంది.

"నేను కొలిచింది నిన్ను కాదు స్తుతీ," అన్నాడు మెల్లగా. "ఈయన్ను కొలిచినా. ఎండాకాలం నుంచీ ఈయన్నే కొలిచి నీకు స్పీడులు రాసినా."

గాబ్రియేలు ఊపిరి కూడగట్టుకుని, "టైము ఎంత సార్?" అన్నాడు.

"టైము లెక్కలోకి రాదప్పా. సగం ఒకరితో, సగం ఒకరితో. ముందు మెల్లగా, ఎనక జోరుగా. దీని మీద నేను స్పీడులు రాయలేను. అది మళ్ళా చూస్తాం. ముందు నువ్వు పెద్దాసుపత్రికి పోవల్ల."

పది రోజుల తర్వాత సార్ శ్రావణితో మొదటి నుంచి చివరిదాకా ట్రయల్ పెట్టాడు. ఆ ఉదయమే గాబ్రియేలు పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే రిపోర్టు తెచ్చుకోవాలి. నేను కూడా వస్తానని స్తుతి పట్టుబట్టింది. "నువ్వు పోయి పరిగెత్తు, నేను అయినాక ఈడికే వస్తా," అని పంపించాడు.

రౌండ్లు ఒకేలా పడ్డాయి. శ్రావణి ఎక్కువ మాట్లాడలేదు, మలుపు, దూరం, అంతే. మూడో కిలోమీటరులో స్తుతి కాళ్ళు బరువెక్కినప్పుడు శ్రావణి కూడా ఏమీ అనకుండా అడుగు పట్టి ఉంచింది. పదకొండు నిమిషాల యాభై నాలుగు సెకన్లు. సార్ రెండుసార్లు చెప్పాడు, తనకే నమ్మకం లేనట్టు. రౌండుకు తొంభై ఐదు. వానలు పడ్డాక పెట్టిన ట్రయల్ కంటే నిమిషం పైగా తక్కువ.

మూడు వారాల్లో ఏ ఒళ్ళూ అంత మారదు. ఆ నిమిషం తన కాళ్ళలో ఎప్పటినుంచో ఉంది. అన్న ఒంట్లోంచి ఎంత పోయిందో అదే ఆ నిమిషం. స్తుతి ట్రాకు పక్కన కూర్చుని ఏడ్చింది. గెలిచినందుకని శ్రావణి అనుకుంది.

గాబ్రియేలు ఎండెక్కాక వచ్చాడు. చేతిలో ఎక్స్‌రే కవరు పెళపెళలాడింది.

"టీబీనా?" అని సార్ అడిగాడు.

"టీబీ ఉంటే బాగుండు అనె డాక్టరమ్మ. మందులుండాయంట దానికి. ఇది రాతి దుమ్మంట. సిలికోసిస్ అనె. లోపల గట్టిపడిపోయిందంట." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "మిల్లు మానుకో అనె. మానుకున్నా పెరగొచ్చు అనె." అని, తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు. "ఎంత పరిగెత్తినావు?"

స్తుతికి అబద్ధం చెప్పాలనిపించింది. పన్నెండున్నర అని చెప్తే చాలు. నోరు తెరిచి, చెప్పలేకపోయింది.

"పదకొండు యాభై నాలుగు."

అతను కవరు కింద పెట్టాడు. తర్వాత ఆమె తల మీద చేయి పెట్టాడు.

"అంత ఉండె నీలో," అన్నాడు. "నన్ను మోస్తా పరిగెత్తినావు."

సార్ కొత్త స్పీడులు రాశాడు. ఇప్పుడు గట్టి రోజులు నిజంగా గట్టిగా ఉండేవి. వెయ్యి మీటర్లు ఐదుసార్లు పరిగెత్తే రోజున నాలుగో దాని తర్వాత మట్టిలో కూర్చుండిపోయేది. ఇరవై నిమిషాల పరుగులో పాట రాలేదు. శ్రావణి రోజూ వచ్చేది. ఆమె ఇంట్లో ఏమన్నారో ఏమో, ఒకసారి మాత్రం, "మా నాయనకు నచ్చలేదు, నేను వస్తా," అని అంది. అంతకు మించి చెప్పలేదు. స్తుతి అడగలేదు.

కడపలో స్తుతి మొదటి స్థానంలో వచ్చింది. జాతీయ పోటీలకు పేరు వెళ్ళింది. ఆ వార్త చెప్పడానికి ఫోను చేస్తే, కొడుకును చూసుకోవడానికి కల్లూరు గదికి వచ్చి ఉన్న విశ్వాసమ్మ ఎత్తింది. గాబ్రియేలు మాట్లాడలేకపోయాడు. తను విన్నానని చెప్పడానికి ఫోను మీద వేలితో తట్టాడు.

మిల్లు మానేసినా అతని జబ్బు ఆగలేదు. పత్తికొండకు తీసుకెళ్ళారు. చలికాలంలో నిజంగానే టీబీ కూడా తోడైంది. రాతి దుమ్ము ఉన్న ఊపిరితిత్తుల్లో అది సులువుగా చేరుతుందని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. చివరి నెలల్లో అతను పడుకుంటే ఊపిరి అందదని మంచం మీద గోడకు దిండ్లు ఆనించి కూర్చునే నిద్రపోయేవాడు. ఇంటి వెనక దొడ్డికి పోయి రావడానికి మధ్యలో రెండుసార్లు కూర్చునేవాడు. స్తుతి శిక్షణ ఆపేసి అతని దగ్గరే ఉంది. జాతీయ పోటీలకు వెళ్ళమని అతను చేత్తో తలుపు వైపు చూపించేవాడట. ఆమెకు అది కనిపించదు. తల్లి చెప్పేది. స్తుతి వెళ్ళలేదు.

ఎండలు ముదరకముందే గాబ్రియేలు పోయాడు. ఊరి చర్చి వెనక సమాధి చేశారు. బసవరాజ్ సార్ వచ్చాడు. శ్రావణి కూడా వచ్చి, ఆడవాళ్ళ మధ్య ఎవరికీ పరిచయం లేకుండా నిలబడింది. మిల్లు నుంచి ఎవరూ రాలేదు.

రెండు నెలల తర్వాత స్తుతి కర్నూలుకు తిరిగి వచ్చి హాస్టల్లో చేరింది. గ్రౌండుకు వెళ్ళి, "పాత స్పీడులతో మొదలుపెడతా సార్," అంది.

"పెట్టవు," అన్నాడు సార్. "అవి పదకొండు యాభై నాలుగు పరిగెత్తిన పిల్లవి. ఆ స్పీడుతో ఇప్పుడు పరిగెత్తితే నెలకే కాలు ఇరగ్గొట్టుకుంటావు. ట్రయల్ పరిగెత్తు."

"బాగా రాదు సార్."

"రాదు. ఎంత రాదో చూడల్ల."

అప్పటికి శ్రావణి చివరి సంవత్సరం పరీక్షలు రాస్తోంది, అయినా తెల్లవారుజామున వచ్చింది. ఇద్దరూ గీత మీద నిలబడ్డారు. మొదటి రౌండు స్తుతి పాత జోరులోనే పోయింది. శ్రావణి తాడును బిగించలేదు, లాగలేదు, "జోరెక్కువ," అని మాత్రం చెప్పింది. స్తుతి వినలేదు. మూడో రౌండులోనే తొడలు రాళ్ళయ్యాయి. ఐదో రౌండులో ఆమె ఊపిరి రెండడుగుల లెక్క తప్పింది. ఇక అప్పటినుంచి గుటక గుటకగా పీల్చుకుంటూ ఈడ్చుకుంటూ పోయింది. ఆగిపోవాలనిపించింది. ఆగలేదు, జోరూ రాలేదు. శ్రావణి ఆమె అడుగుకు తన అడుగు చిన్నది చేసుకుంది.

గీత దాటి మట్టిలో కూలబడింది.

"పన్నెండు నలభై ఎనిమిది," అన్నాడు సార్. "మొదటి రౌండు తప్పు పరిగెత్తినావు. సరిగ్గా పరిగెత్తి ఉంటే ఇంకొంచెం తక్కువ ఉండు. అయినా ఇదే రాసుకుంటా."

"పనికిరాని టైము సార్."

"పనికిరానిది కాదు, నిజమైంది. ఇయ్యాల నీ ఒంట్లో ఇంతే ఉండాది."

స్తుతికి ఊపిరి నెమ్మదించడానికి చాలాసేపు పట్టింది. పక్కన శ్రావణి నీళ్ళ సీసా మూత తిప్పి ఆమె చేతిలో పెట్టింది. సార్ కాగితం మీద రాసుకుంటూ పైకే చదివాడు. మెల్లటి రోజుకు ఎంత, గట్టి రోజుకు ఎంత. అంకెలన్నీ పెద్దవయ్యాయి.

"ఎల్లుండి నాలుగు వందలు ఆరుసార్లు," అన్నాడు. "రౌండుకు నూటరెండు. అంతకంటే జోరుగా వద్దు."

"సరే సార్," అంది స్తుతి.

ఎండ ట్రాకు మీదికి వచ్చింది. ఇద్దరమ్మాయిలూ లేచి, ఒళ్ళు చల్లబడడానికి రెండు రౌండ్లు నడిచారు.